ఇరవై సెకన్ల హెల్త్ ఇన్సూరెన్స్ యాడ్: ఒకే క్లెయిమ్ కథ, డిస్‌క్లెయిమర్లు పట్టడం లేదు. ఎలా?

భీమవరం వంశీ
అందరికీ నమస్కారం. నేను ఇక్కడ పెళ్లిళ్లు, షాపుల ప్రకటనలు తీస్తుంటాను. ఈసారి మా ఊరి హెల్త్ ఇన్సూరెన్స్ ఏజెంట్ ఒకాయన ఇరవై సెకన్ల వీడియో అడిగారు. లోకల్ కేబుల్‌లోను, సినిమా హాల్లో ఇంటర్వెల్‌కు ముందు, వాట్సాప్ స్టేటస్‌లోను వేస్తారట. చెరువుల మీద పనిచేసేవాళ్లకు, షాపులవాళ్లకు క్లెయిమ్ అంటే ఏమిటో ఒక్క ఉదాహరణతో అర్థం కావాలన్నది ఆయన కోరిక. ఆలోచన నాకూ నచ్చింది.

ఆయనే రాసి ఇచ్చిన స్క్రిప్టు ఇది:

"వానాకాలం. ఇంట్లో ఒకరికి డెంగీ. ఐదు రోజులు ఆసుపత్రి. బిల్లు చూసి భయమా? మొత్తం మేమే కడతాం. ఒక్క రూపాయి కూడా మీరు కట్టక్కర్లేదు. ఈరోజే పాలసీ తీసుకోండి."

చివర్లో "షరతులు వర్తిస్తాయి" అని చిన్న అక్షరాలు, దాని కింద కంపెనీ ఇచ్చిన ఇంగ్లీషు లైన్లు ఐదారు. అవన్నీ చివరి మూడు సెకన్లలో పెట్టమంటున్నారు. పెట్టి చూశాను, ఎవరూ చదవలేరు. ఇంకోచోట పెడదామంటే జాగా లేదు. ఇలాంటివి చేసినవాళ్లు దారి చెప్పండి.

తణుకు శ్రీను
వంశీ తమ్ముడూ, నేనూ ఏజెంటునే. ఇంత టెన్షన్ అవసరం లేదు. కంపెనీ ఇచ్చిన లైన్లు స్క్రీన్ మీద ఉంటే చాలు, ఎంతసేపు ఉన్నాయని ఎవరూ అడగరు. చివర్లో ఒకాయన చేత గబగబా చదివించేయండి, మ్యూచువల్ ఫండ్ యాడ్‌లో చదివినట్టు. కథ మాత్రం ఇంకా బలంగా పెట్టొచ్చు. ఇప్పుడు కొత్త రూలు వచ్చింది, ఒక్క గంటలో క్లెయిమ్ పాస్ చేయాలి. "గంటలో డబ్బు" అని వేస్తే జనం ఆగి చూస్తారు.

లంక రాంబాబు
మాది లంక గ్రామం అండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంది. ఇది ఉండగా ఇన్సూరెన్స్ కూడా తీసుకోవాలా? ఏ కంపెనీ మంచిదో చెప్పగలరు.

భీమవరం వంశీ
రాంబాబు గారూ, ఇక్కడ మాట్లాడుతున్నది యాడ్ తీయడం గురించండి. పాలసీ సంగతి విడిగా పోస్టు పెడితే తెలిసినవాళ్లు చెబుతారు.

రాజమండ్రి భారతి
వంశీ గారూ, నేను ఒక ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్స్ విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. బయటికి వెళ్లే ప్రకటనలు మా దగ్గరికీ చూపుకి వచ్చేవి. అందుకని కొంచెం వివరంగా రాస్తాను.

మీ కష్టం చివరి మూడు సెకన్లలో లేదు, "మొత్తం" అన్న మాటలో ఉంది. యాడ్‌లో గొంతు "మొత్తం మేమే కడతాం" అంటుంది, కింద అక్షరాలు "మొత్తం కట్టం" అంటాయి. డిస్‌క్లెయిమర్ పెట్టేది చెప్పిన మాటను వివరించడానికి, కాదనడానికి కాదు. ప్రకటనల మండలి ఏఎస్‌సీఐ నియమం ఇదే. వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో తెచ్చిన మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతాయి. కాబట్టి ఆ మాట ఉన్నంతకాలం కింద ఎన్ని లైన్లు పెట్టినా, ఎంత పెద్దగా పెట్టినా యాడ్ నిలబడదు. ముందు స్క్రిప్టు మారాలి.

శ్రీను గారూ, గంట రూలు నిజమే కానీ మీరు చెప్పినట్టు కాదు. 2024 మేలో ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన సర్క్యులర్‌లో, ఆసుపత్రికి కంపెనీయే నేరుగా కట్టే క్యాష్‌లెస్ అభ్యర్థన అందిన గంటలోపు కంపెనీ తన నిర్ణయం చెప్పాలని ఉంది. అది చికిత్స మొదలయ్యేటప్పుడు ఇచ్చే అనుమతి. ఆ నిర్ణయం "కాదు" అని కూడా రావచ్చు. డిశ్చార్జి అప్పుడు చివరి బిల్లుకు మూడు గంటలు గడువు. గంటలో డబ్బు చేతికి వస్తుందని ఎక్కడా లేదు. ఆ లైను వేస్తే దాన్ని సరిదిద్దడానికే ఇంకో రెండు లైన్ల డిస్‌క్లెయిమర్ కావాలి.

ఇంకో సంగతి. ఏజెంటు సొంతంగా వేసే ప్రకటన కూడా ఇన్సూరెన్స్ ప్రకటన కిందికే వస్తుంది, వాట్సాప్ స్టేటస్ అయినా సరే. పేరు, ఫోన్ నంబరు, చిరునామా మాత్రమే ఉంటే వేరు. పాలసీ గురించి, క్లెయిమ్ గురించి ఏమైనా చెబితే విడుదలకు ముందే కంపెనీ నుంచి రాతపూర్వకంగా అనుమతి ఉండాలి. మీ ఏజెంటు గారి దగ్గర అది ఉందా?

భీమవరం వంశీ
లేదండి. "వీడియో అయ్యాక పంపుదాం" అన్నారు.

రాజమండ్రి భారతి
షూటింగ్‌కు ముందు స్క్రిప్టు, స్క్రీన్ మీద వచ్చే ప్రతి అక్షరం రాసి పంపించండి. తీశాక మార్చమంటే మీ డబ్బు, మీ శ్రమ రెండూ పోతాయి.

తణుకు శ్రీను
మేడమ్, గంట సంగతి ఒప్పుకుంటాను, అది అనుమతికే. కానీ "షరతులు వర్తిస్తాయి" అని అన్ని పెద్ద కంపెనీల యాడ్లలోనూ ఉంటుంది కదా. మనకు మాత్రం ఎందుకీ పట్టింపు? "మొత్తం" అనకపోతే ఎవడు కొంటాడు?

అమలాపురం లక్ష్మి
శ్రీను గారూ, "మొత్తం" అన్న మాట విని కొన్నవాళ్లలో మేమూ ఉన్నాం. నా సంగతి చెబుతాను.

మా ఆయనకు డెంగీ వచ్చి ఐదు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. బిల్లు 62,000. పాలసీ ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాం. చివరికి కంపెనీ ఇచ్చింది 36,600. మిగతా 25,400 అప్పటికప్పుడు మా తమ్ముడు తెచ్చి కట్టాడు. అడిగితే "మీ పాలసీలో గది అద్దె రోజుకు 3,000 వరకే, మీరు 5,000 గది తీసుకున్నారు" అన్నారు. రోజుకు రెండు వేల చొప్పున ఐదు రోజులకు పదివేలు పోతాయంటే అర్థం చేసుకుంటాను. పాతికవేలు ఎలా పోయాయో ఇప్పటికీ తెలియదు. ఈ డెంగీ యాడ్ చదవగానే అదే గుర్తొచ్చింది.

రాజమండ్రి భారతి
లక్ష్మి గారూ, బిల్లు ముక్కలుగా ఉందా? మందులు ఎంత, పరీక్షలు ఎంత, డాక్టరు, నర్సింగ్ ఎంత, గది ఎంత?

అమలాపురం లక్ష్మి
ఉందండి. గది 25,000. మందులు 14,000. రక్తపరీక్షలు, స్కానింగు 12,000. డాక్టరు, నర్సింగ్ ఫీజులు కలిపి 10,000. గ్లౌజులు, ఫైలు అని 1,000.

రాజమండ్రి భారతి
ఇప్పుడు తెలిసింది. వాళ్లు 3,000ను 5,000తో భాగించి, ఆ అరవై శాతం చొప్పున అన్నిటినీ కోసేశారు. గదికి 15,000 ఇచ్చారు. మందులు, పరీక్షలు, ఫీజులు కలిపి 36,000, అందులో అరవై శాతం 21,600. రెండూ కలిపితే మీకు వచ్చిన 36,600.

ఇది సరికాదు. గది స్థాయి పెరిగితే దానికి తగ్గట్టు మిగతా ఖర్చులు కోసే పద్ధతి ఉంది, నిజమే. కానీ 2020 నుంచి ఆ కోతలో మందులు, వాడిపారేసే వస్తువులు, శరీరంలో అమర్చే ప్లేట్ల లాంటివి, పరీక్షలు కలపకూడదు. ఐసీయూ చార్జీలకూ ఆ కోత వర్తించదు. అంటే మీ విషయంలో కోత పడాల్సింది డాక్టరు, నర్సింగ్ ఫీజుల మీదే. 10,000కు 6,000. గదికి 15,000. మందులు 14,000, పరీక్షలు 12,000 పూర్తిగా. గ్లౌజులు, ఫైలు 1,000 మాత్రం మామూలు పాలసీలో రాదు. మొత్తం 47,000 రావాలి. మీకు ఇంకా 10,400 రావాల్సి ఉంది.

మరొకటి అడగండి. ఆ ఆసుపత్రి గదిని బట్టి డాక్టరు ఫీజు మారుస్తుందా, లేక జనరల్ వార్డుకూ ఏసీ గదికీ ఒకటే ఫీజా? మన వైపు చిన్న ఆసుపత్రుల్లో చాలాచోట్ల ఒకటే ఉంటుంది. అలా ఉంటే ఫీజుల మీద కూడా ఆ కోత వేయకూడదు. ఆసుపత్రి నుంచి ఒక ఉత్తరం తెచ్చుకోగలిగితే ఆ నాలుగు వేలూ అడగవచ్చు.

ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి బిల్లు ముక్కలతో సహా రాయండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇలాంటి తగాదాలు తీర్చే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. రుసుము లేదు, లాయరూ అక్కర్లేదు. కంపెనీ కాదన్నాక ఏడాది దాటనివ్వకండి.

యానాం జోసెఫ్
భారతి గారూ, మధ్యలో ఒక చిన్న ప్రశ్న. మాది యానాం, అంటే పుదుచ్చేరి. మేం చెన్నై వెళ్లాలా?

రాజమండ్రి భారతి
లేదండి. యానాం కూడా హైదరాబాద్ అంబుడ్స్‌మన్ పరిధిలోనే ఉంది.

అమలాపురం లక్ష్మి
చాలా థాంక్సండి భారతి గారూ. ఫైలు తీసి ఈరోజే రాస్తాను. మా ఆయన "ఇంక వదిలేయ్" అంటున్నారు కానీ పదివేలు వదిలేసేంత స్థితి మాకు లేదు.

భీమవరం వంశీ
ఇది చదివాక డెంగీ కథ తీయాలంటే భయమేస్తోంది. పోనీ గది మాట ఎత్తకుండా ఇంకేదైనా కథ తీసుకుంటే?

రాజమండ్రి భారతి
సరిగ్గా అక్కడికే వస్తున్నాను. ఇరవై సెకన్లలో అన్ని షరతులూ పట్టవు కాబట్టి, షరతులు తక్కువగా తగిలే కథ ఎంచుకోవాలి. డెంగీ అయితే మొదటి ముప్పై రోజుల నిరీక్షణ కాలం వర్తిస్తుంది. పాలసీ తీసుకున్న ఇరవయ్యో రోజున జ్వరం వస్తే రాదు. ఆ సంగతి యాడ్‌లో చెప్పాలి. హెర్నియా, కంటిశుక్లం, మోకాలి మార్పిడి లాంటి వాటికి సాధారణంగా రెండేళ్లో మూడేళ్లో నిరీక్షణ. బీపీ, షుగర్ ముందే ఉన్నవాళ్ల కథ అయితే ఇంకా పెద్ద వివరణ కావాలి.

ప్రమాదం అయితే ఆ ముప్పై రోజుల నిరీక్షణ లేదు. అందుకని బండి మీద నుంచి పడి కాలు విరిగిన కథ తీసుకోండి. మన కాలువ గట్ల మీద వానలో బండి జారడం అందరూ చూసినదే, వివరించక్కర్లేదు. మనిషికి హెల్మెట్ పెట్టండి, తాగినట్టు అనిపించే ఛాయలేవీ రానివ్వకండి, లేకపోతే చూసేవాడి మనసు కథ వదిలేసి అటు పోతుంది. వయసు ముప్పై ఐదు లోపు చూపించండి. పెద్దవాళ్ల పాలసీల్లో కొన్నింటికి ప్రతి క్లెయిమ్‌లోనూ ఇంత శాతం మనమే కట్టాలని ఉంటుంది. పెద్దాయన్ని చూపిస్తే ఆ షరతూ చెప్పాల్సి వస్తుంది.

ఇక లెక్క. కల్పిత బిల్లు ఇలా వేసుకోండి: ఆపరేషన్, సర్జన్ 38,000. ప్లేటు 22,000. గది నాలుగు రోజులు, రోజుకు 3,000 చొప్పున 12,000, ఇది పాలసీ పరిమితిలోనే. మందులు, ఎక్స్‌రేలు 18,000. వాకర్, గ్లౌజులు, క్రేప్ బ్యాండేజీ, తోడున్నవాళ్ల భోజనం 6,000. మొత్తం 96,000. చివరి 6,000 మామూలు పాలసీలో రాదు. ఐఆర్‌డీఏఐ జాబితాలో ఇలాంటి అంశాలు 68 ఉన్నాయి. అదనపు ప్రీమియం కడితే వీటినీ ఇచ్చే పాలసీలు ఉన్నాయి కానీ, యాడ్‌లో ఆ సంగతి ఎత్తకండి. కంపెనీ కట్టేది 90,000.

ఆ 6,000ను యాడ్‌లో పైకే చెప్పండి. దాచాలని చూస్తే డిస్‌క్లెయిమర్ పెరుగుతుంది. చెప్పేస్తే సగం షరతులు కథలోనే కలిసిపోతాయి.

తణుకు శ్రీను
మేడమ్, ఇక్కడ మాత్రం ఒప్పుకోలేను. డబ్బులు పెట్టి యాడ్ వేయించుకుని "మీరు ఆరు వేలు కట్టాలి" అని మనమే చెప్పడమా? పక్క కంపెనీ ఏజెంటు అదే పట్టుకుని తిరుగుతాడు.

అమలాపురం లక్ష్మి
నాకు ఎవరైనా కొనేముందు "ఈ ఆరు వేలు రావమ్మా, ఈ గది దాటితే ఇంత కోస్తారు" అని చెప్పి ఉంటే నేను వాళ్ల దగ్గరే కొనేదాన్ని. మా వీధిలో నలుగురికి చెప్పేదాన్ని కూడా.

కాకినాడ రవి
నేను ఎడిటింగ్ చేస్తాను. టైమింగ్ సంగతి నాకు వదలండి.

వంశీ, ఏఎస్‌సీఐ లెక్కలో ఒక ఫ్రేములో ఒకటే డిస్‌క్లెయిమర్, అది రెండు లైన్లు దాటకూడదు, ఒక్కో లైనుకు నాలుగు సెకన్లకు పైగా స్క్రీన్ మీద ఉండాలి. చట్టప్రకారం పొడుగ్గా ఉండాల్సినవైతే లైన్లు పెరగవచ్చు, కానీ ఉండే సమయమూ పెరగాలి. అంటే రెండు లైన్లకు ఎనిమిది సెకన్లు పైన. ఇరవై సెకన్లలో అలాంటివి రెండే పడతాయి. మొత్తం నాలుగు లైన్లు. మీ ఏజెంటు గారు అడిగినట్టు చివరి మూడు సెకన్లలో ఐదు లైన్లు అన్నది ఎటూ కుదరదు.

యాడ్ ఏ భాషలో ఉంటే డిస్‌క్లెయిమర్ ఆ భాషలోనే ఉండాలి. తెలుగు యాడ్‌కు కింద ఇంగ్లీషు లైన్లు పనికిరావు. శ్రీను గారు చెప్పిన గబగబా చదివించే పద్ధతి కూడా వద్దు. 2022 మార్గదర్శకాల్లో గొంతుతో చెప్పిన మాటకు డిస్‌క్లెయిమర్ ఆ మాటతో పాటే, అదే వేగంతో రావాలని ఉంది. అంటే "తొంభై వేలు కంపెనీ కట్టింది" అని గొంతు అనేటప్పటికే మొదటి డిస్‌క్లెయిమర్ స్క్రీన్ మీద ఉండాలి. అక్షరాల తీరు కూడా పై మాటల ఫాంటే ఉండాలి, వేరే సన్నటి ఫాంటు వాడొద్దు.

తెలుగు అక్షరానికి కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషుకు సరిపోయే సైజులో పెడితే వత్తులు మసకబారతాయి. "నిబంధనల్లో" అన్న మాటలో లకారం కింది ల వత్తు ఫోన్‌లో కనపడుతోందా లేదా చూసుకుని సైజు ఖాయం చేయి. రెండు లైన్ల మధ్య ఖాళీ కూడా ఇంగ్లీషు కంటే ఎక్కువ కావాలి, లేకపోతే పై లైను వత్తులు కింది లైను గుడుల్ని తగులుతాయి.

భీమవరం వంశీ
రవి అన్నా, భారతి గారూ, మీరిద్దరూ చెప్పినవి కలిపి మళ్లీ రాశాను. చూడండి.

గొంతు:
"కాలువ గట్టు మీద బండి జారింది. కాలు విరిగి ఆపరేషన్ అయింది. బిల్లు తొంభై ఆరు వేలు. తొంభై వేలు ఇన్సూరెన్స్ కంపెనీ కట్టింది. వాకర్, గ్లౌజులు, తోడున్నవాళ్ల భోజనం, ఆరు వేలు మనం కట్టాం. ఏది వస్తుందో, ఏది రాదో కొనేముందు చదవండి."

ముప్ఫై రెండు మాటలు. తొందర లేకుండా చదివితే పద్దెనిమిది సెకన్లు పడుతోంది.

బొమ్మ: మొదటి మూడు సెకన్లు గట్టు, వాన, జారిన బండి. మూడో సెకను నుంచి ఆసుపత్రి కౌంటరు, స్క్రీన్ మీద పెద్ద అంకెల్లో 96,000. అది రెండుగా విడిపోయి 90,000, 6,000 అవుతుంది. పన్నెండో సెకను దగ్గర ఇంటి వరండాలో వాకర్‌తో నడుస్తున్న మనిషి. చివర్లో కంపెనీ పేరు, పాలసీ పేరు.

మూడో సెకను నుంచి పదకొండు దాటేవరకు:
"ఇది ఊహించిన ఉదాహరణ. నెట్‌వర్క్ ఆసుపత్రి, పరిమితిలోని గది, సరిపడా బీమా మొత్తం ఉన్నప్పటి లెక్క.
మీ క్లెయిమ్ చెల్లింపు మీ పాలసీ నిబంధనలను బట్టి మారుతుంది."

పదకొండున్నర నుంచి చివరివరకు:
"రిస్క్ అంశాలు, నిబంధనలు, షరతుల పూర్తి వివరాల కోసం
కొనేముందు సేల్స్ బ్రోచర్‌ను జాగ్రత్తగా చదవండి."

రాజమండ్రి భారతి
బాగుంది వంశీ గారూ. మూడు విషయాలు చూడండి.

చివరి ఫ్రేములో కంపెనీ పేరు అంటే జనం పిలిచే బ్రాండు పేరో లోగోనో సరిపోదు, రిజిస్టరైన పూర్తి పేరు కావాలి. దానితో ఐఆర్‌డీఏఐ రిజిస్ట్రేషన్ నంబరు, పాలసీ పేరు చెబుతున్నారు కాబట్టి ఆ రకం పాలసీకి ఉండే ప్రత్యేక సంఖ్య యూఐఎన్, కంపెనీ ఈ ప్రకటనకు ఇచ్చే గుర్తింపు సంఖ్య. ఆ గుర్తింపు సంఖ్య అనుమతితో పాటే వస్తుంది. మీరు ముందే ఊహించి ఖాళీ వదలండి.

"కంపెనీ కట్టింది" అన్నచోట ఎవరికి కట్టిందో బొమ్మలో తెలియాలి. కౌంటరులో ఆసుపత్రికి నేరుగా కట్టినట్టు చూపిస్తున్నారు కాబట్టి అది క్యాష్‌లెస్. అందుకే డిస్‌క్లెయిమర్‌లో "నెట్‌వర్క్ ఆసుపత్రి", అంటే కంపెనీతో ఒప్పందం ఉన్న ఆసుపత్రి, అని పెట్టడం సరైన పనే. కానీ కౌంటరు దగ్గర డబ్బు ఇచ్చే బొమ్మలో ఆ మనిషి చేతిలో ఆరు వేలు కనపడాలి. ఖాళీ చేతులతో నవ్వుతూ బయటికొస్తే గొంతు ఒకటి, బొమ్మ ఒకటి చెప్పినట్టవుతుంది. ప్రకటన చూసేవాళ్లు బొమ్మనే నమ్ముతారు.

తెలుగు వాక్యాలు కూడా కంపెనీ ఒప్పుకున్నవే వాడాలి. బ్రోచర్ వాక్యానికి వాళ్ల దగ్గర తెలుగు రూపం ఉంటే అదే అడిగి తీసుకోండి. మనం బాగా రాశామని మార్చకండి.

కాకినాడ రవి
భారతి గారూ, నాకొక అనుమానం. చివరి ఫ్రేములో కంపెనీ పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, యూఐఎన్, ప్రకటన సంఖ్య ఉంటాయి. కింద బ్రోచర్ రెండు లైన్లు. పై నంబర్లు కూడా డిస్‌క్లెయిమర్ కింద లెక్కేస్తే ఒకే ఫ్రేములో రెండు అయినట్టు కదా?

రాజమండ్రి భారతి
నేనైతే వాటిని కంపెనీ గుర్తింపు అనుకుంటాను, డిస్‌క్లెయిమర్ అనుకోను. అవి ఏ మాటనూ వివరించడం లేదు. కానీ ఒక్కో కంపెనీలో నియమాల సంగతి చూసే కాంప్లయెన్స్ వాళ్లు ఒక్కోలా చూస్తారు. ఆ జవాబు వాళ్లనే రాతలో అడగండి.

తణుకు శ్రీను
స్క్రిప్టు చదివితే బాగానే ఉంది, కాదనను. అంకె విడిపోవడం బాగుంది, జనానికి గుర్తుంటుంది. కానీ ఆ ఆరు వేలు గొంతుతో చెప్పక్కర్లేదు, స్క్రీన్ మీద ఉంటే చాలు అన్నది ఇప్పటికీ నా మాట. "ప్రమాదమైతే మొదటి రోజు నుంచే" అని ఒక ముక్క కలపండి, అమ్మేవాడికీ ఒక మాట ఉండాలి కదా.

రాజమండ్రి భారతి
"మొదటి రోజు నుంచే" అన్నది ఆ పాలసీ పత్రంలో అలాగే ఉంటే పెట్టవచ్చు శ్రీను గారూ. ఆధారంగా చూపించడానికి ఆ పేజీ కంపెనీకి జత చేయండి. కానీ వంశీ గారి దగ్గర రెండు సెకన్లే మిగిలాయి. అది కలపాలంటే ఏదో తీయాలి, తీసేది ఆ ఆరు వేలు మాత్రం కాకూడదు. కేబుల్‌లో యాడ్ వచ్చేటప్పుడు సగం మంది టీవీ వైపు చూడరు, వంటింట్లోంచి వింటారు. వాళ్లకు చేరేది గొంతు ఒక్కటే.

భీమవరం వంశీ
వరండా మీద మాట లేకుండా రెండు సెకన్లు ఉంచాను, అది ఇవ్వలేనండి. శ్రీను అన్నా, మన్నించు. ఏజెంటు గారికి స్క్రిప్టు చూపించాను. మొదట ముఖం అదోలా పెట్టారు. లక్ష్మి గారి బిల్లు లెక్క పేర్లు లేకుండా చెప్పాక "సరే, కంపెనీకి పంపిద్దాం, వాళ్లేమంటే అది" అన్నారు. అక్షరాలన్నీ ఒక కాగితం మీద రాసి పంపాం. జవాబు రావాలి.

ఈలోగా రవి అన్నా, వాట్సాప్ స్టేటస్ కోసం నిలువు వీడియో ఎలా? మొదటి డిస్‌క్లెయిమర్ అడ్డం వీడియోలో రెండు లైన్లకు సరిపోయింది. నిలువులో అదే సైజులో పెడితే నాలుగు లైన్లు అవుతోంది.

కాకినాడ రవి
నాలుగు లైన్లంటే పదహారు సెకన్లకు పైన. అంటే రెండోదానికి చోటే లేదు. అక్షరాలు తగ్గించి రెండు లైన్లలో ఇరికించడం మాత్రం చేయకు. రెండు దారులు కనపడుతున్నాయి. నిలువు వీడియోను ముప్పై ఐదు సెకన్లు చేయడం ఒకటి, కానీ ఏజెంటు గారు ఒప్పుకోవాలి. లేదంటే డిస్‌క్లెయిమర్‌లోని మాటలు గొంతులోకి తేవడం. "నెట్‌వర్క్ ఆసుపత్రిలో చేరాం, పాలసీ ఇచ్చిన గదే తీసుకున్నాం" అని గొంతే చెబితే కింద "ఇది ఊహించిన ఉదాహరణ. చెల్లింపు పాలసీ నిబంధనలను బట్టి మారుతుంది" అన్నది మిగులుతుంది. నిలువులో రెండు లైన్లకు వచ్చేలా ఉంది, పెట్టి చూడాలి.

రాజమండ్రి భారతి
రెండోదే మేలు. "సరిపడా బీమా మొత్తం" అన్నది కూడా వదలకండి, ఎక్కడో ఒకచోట ఉండాలి. కంపెనీకి నిలువు రూపం కూడా విడిగా పంపి అనుమతి తీసుకోండి. మాటలు మారాయి కాబట్టి అది వేరే ప్రకటన.

లంక రాంబాబు
అండి, ఇప్పుడు నాకు అర్థమైంది, ఇది యాడ్ గురించని. కానీ ఒకటి అడుగుతాను. మా అబ్బాయి పాలసీ తీసుకున్నాడు. గది అద్దె ఎంతవరకో ఎక్కడ చూడాలి?

రాజమండ్రి భారతి
పాలసీతో పాటు కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అని కొద్ది పేజీల కాగితం ఇస్తారు రాంబాబు గారూ. గది పరిమితి, నిరీక్షణ కాలాలు, మనం కట్టాల్సిన వాటా అందులో ఉంటాయి. తెలుగులో కావాలని కంపెనీని అడగండి. పాలసీ చేతికి వచ్చి ముప్పై రోజులు దాటకపోతే, నచ్చకపోయినప్పుడు వెనక్కి ఇచ్చేయవచ్చు కూడా.

లంక రాంబాబు
ఆయ్, అలాగేనండి. సాయంత్రం వాడు చెరువు దగ్గర నుంచి రాగానే తీయిస్తాను.

భీమవరం వంశీ
కంపెనీ నుంచి జవాబు వచ్చింది. అడ్డం వీడియో స్క్రిప్టుకు ఒక మార్పు చెప్పారు: "ఇన్సూరెన్స్ కంపెనీ కట్టింది" అన్నచోట "పాలసీ ప్రకారం కంపెనీ కట్టింది" అనాలట. బ్రోచర్ వాక్యం వాళ్ల తెలుగు రూపం పంపారు, రెండు లైన్లకు సరిపోయింది. ఆరు వేలు గొంతులో ఉండడానికి అభ్యంతరం చెప్పలేదు. రవి అన్న అడిగిన ఫ్రేము ప్రశ్నకు జవాబు ఇంకా ఇవ్వలేదు, మళ్లీ అడిగాను. నిలువుది వేరే ఫైలుగా పంపమన్నారు. వాన పడిన రోజు చూసుకుని గట్టు షాటు తీయాలి, హెల్మెట్ పెట్టుకునే కుర్రాడు ఎవరైనా ఉంటే చెప్పండి.

తణుకు శ్రీను
మా తోడల్లుడి కొడుకు ఉన్నాడు, బండి బాగా నడుపుతాడు. జారినట్టు నటించాలి కానీ నిజంగా జారకూడదు. నంబరు మెసేజ్ చేస్తాను.

అమలాపురం లక్ష్మి
భారతి గారూ, ఆసుపత్రిలో అడిగాను. జనరల్ వార్డుకైనా గదికైనా డాక్టరు ఫీజు ఒకటేనట. లెటర్‌హెడ్ మీద రాసి ఇమ్మంటే మేనేజరు సోమవారం రమ్మన్నారు. రాయకపోతే ఏం చేయాలి?

రాజమండ్రి భారతి
రాయకపోయినా ఫర్వాలేదు. ఆ ఆసుపత్రి చార్జీల పట్టిక గోడ మీద ఉంటే ఫోటో తీయండి, ఉత్తరానికి జత చేయండి. పట్టికలో ఫీజు గదిని బట్టి వేరుగా లేదని కనపడితే అది కూడా ఆధారమే. కంపెనీ దాన్ని ఒప్పుకుంటుందో లేదో చెప్పలేను, కానీ మందులు, పరీక్షల 10,400 మాత్రం దానితో సంబంధం లేకుండా విడిగా అడగండి. రెండూ ఒకే వాక్యంలో కలపకండి.